బహుపది సెపరబులా కాదా: అవకలజంతో తేల్చే పద్ధతి, F₃(t) మీద x³ − t ఉదాహరణ

x³ + 2x + 2 అనే బహుపదిని తీసుకోండి. డిగ్రీ 3 కాబట్టి తగినంత పెద్ద ఫీల్డ్‌లోకి వెళ్తే దీనికి మూడు మూలాలు దొరుకుతాయి. ఆ మూడూ వేరువేరు మూలాలా, లేక వాటిలో ఏదైనా మళ్ళీ మళ్ళీ వస్తోందా? గుణకాలను అకరణీయ సంఖ్యలుగా చూస్తే ఒక జవాబు వస్తుంది. వాటినే 5తో భాగిస్తే మిగిలే శేషాలుగా చూస్తే ఇంకో జవాబు వస్తుంది. 3తో భాగిస్తే మిగిలే శేషాలుగా చూస్తే మళ్ళీ మొదటి జవాబే, కానీ దాని వెనక కారణం వేరు. ఈ మూడింటినీ మూలాలు కనుక్కోకుండానే, కాగితం మీద రెండు మూడు భాగహారాలతో తేల్చవచ్చు. ఈ వ్యాసంలో ముందు ఆ పద్ధతిని చూద్దాం. తర్వాత F₃(t) అనే ఫీల్డ్‌లోకి వెళ్దాం. ఒక బహుపదిని కారణాంకాలుగా విడదీయడం సాధ్యం కాకపోయినా దాని మూలాలన్నీ ఒకటే కావడం అక్కడ కనిపిస్తుంది.

ముందుగా: ఏ ఫీల్డ్, ఏ నిర్వచనం

లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒక వాక్యం రాసుకోవాలి: గుణకాలు ఏ ఫీల్డ్‌లో ఉన్నాయి? అకరణీయ సంఖ్యల ఫీల్డ్‌ను Q అందాం. ప్రధాన సంఖ్య pతో భాగించినప్పుడు మిగిలే శేషాల ఫీల్డ్‌ను Fₚ అందాం. Fₚలో 1ని p సార్లు కూడితే 0 వస్తుంది. దీన్నే ఆ ఫీల్డ్ క్యారెక్టరిస్టిక్ p అంటాం. Qలో 1ని ఎన్నిసార్లు కూడినా 0 రాదు, కాబట్టి దాని క్యారెక్టరిస్టిక్ 0. ఇక ముందు జరిగే ప్రతి మలుపూ ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

F మీద ఉన్న బహుపది fకి, దాన్ని పూర్తిగా (x − a) రూపంలోని కారణాంకాలుగా విడగొట్టగల పెద్ద ఫీల్డ్‌లో, మూలాలన్నీ వేరువేరుగా ఉంటే f సెపరబుల్. ఏదైనా మూలం రెండుసార్లు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వస్తే ఇన్‌సెపరబుల్. పెద్ద ఫీల్డ్‌లో చూడాలన్న మాట ముఖ్యం. Q మీద (x² + 1)²కి Qలో మూలాలే లేవు. అంతమాత్రాన అది సెపరబుల్ అయిపోదు, ఎందుకంటే సంకీర్ణ సంఖ్యల్లో i, −i రెండూ చెరి రెండుసార్లు వస్తాయి.

పాఠ్యపుస్తకాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పుస్తకాలు బహుపదిని ఇర్రిడ్యూసిబుల్, అంటే ఇంకా చిన్నవాటిగా విడగొట్టలేని, కారణాంకాలుగా విడగొట్టి, ఒక్కో కారణాంకానికి విడివిడిగా మూలాలు వేరువేరైతే చాలు, మొత్తం సెపరబులే అంటాయి. ఆ లెక్కన (x − 1)² కూడా సెపరబుల్ అవుతుంది. ఇక్కడ వాడుతున్న నిర్వచనం ప్రకారం కాదు. ఇర్రిడ్యూసిబుల్ బహుపదుల విషయంలో రెండు నిర్వచనాలూ ఒకటే మాట చెబుతాయి. మిగతా చోట్ల పుస్తకం మారితే జవాబు మారవచ్చు కాబట్టి నిర్వచనం ఉన్న పేజీని ఒకసారి తిరగేయండి.

మొదటి అడుగు: అవకలజం రాయడం

ఇంటర్మీడియట్‌లో అవకలజం అంటే అవధి, వక్రం వాలు. F₅లో వాలు అనే మాటకు అర్థమే లేదు. అయినా సూత్రం మాత్రం పనిచేస్తుంది: xⁿ ఉన్న చోట n·xⁿ⁻¹ రాయాలి, స్థిరాంకం ఉన్న చోట 0 రాయాలి. అవధులతో పని లేకుండా దీన్నే నిర్వచనంగా పెట్టుకుంటాం. కూడికకూ లబ్ధానికీ మనకు తెలిసిన నియమాలు, అంటే (f + g)′ = f′ + g′, (fg)′ = f′g + fg′, ఈ నిర్వచనంతోనే ఏ ఫీల్డ్‌లోనైనా రుజువవుతాయి.

ఘాతం n కిందికి దిగినప్పుడు అది ఆ ఫీల్డ్‌లోని సంఖ్య అయిపోతుంది. F₃లో x³ అవకలజం 3x², అంటే 0. x⁷ అవకలజం 7x⁶, అంటే x⁶. అలాగని ఘాతాలను మాత్రం 3తో భాగించి తగ్గించకూడదు. F₃లో 7 అనే గుణకం 1కి సమానం, కానీ x⁷ మాత్రం xకి సమానం కాదు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అవకలజం మూలాల గురించి చెప్పగలగడానికి కారణం చిన్నదే. a అనే మూలం సరిగ్గా m సార్లు వచ్చిందనుకుందాం. అప్పుడు f = (x − a)ᵐ·g అని రాయవచ్చు, ఇక్కడ g(a) సున్నా కాదు. లబ్ధ నియమం వాడితే

f′ = m(x − a)ᵐ⁻¹·g + (x − a)ᵐ·g′

వస్తుంది. m = 1 అయితే x = a దగ్గర రెండో పదం పోతుంది, మొదటిది g(a)గా మిగులుతుంది, కాబట్టి f′(a) సున్నా కాదు. m కనీసం 2 అయితే రెండు పదాల్లోనూ (x − a) ఉంటుంది, కాబట్టి f′(a) = 0. అంటే a మళ్ళీ మళ్ళీ వచ్చే మూలం అయితేనే అది fకీ f′కీ ఉమ్మడి మూలం అవుతుంది. ఈ రుజువులో క్యారెక్టరిస్టిక్ ప్రస్తావనే లేదు, కాబట్టి ఇది ఏ ఫీల్డ్‌లోనైనా చెల్లుతుంది.

రెండో అడుగు: గ.సా.భా.

ఉమ్మడి మూలం ఉందో లేదో తెలియాలంటే మూలాలు తెలియాలి కదా అనిపిస్తుంది. అక్కర్లేదు. f, f′ల గ.సా.భా.ను F లోనే, మామూలు భాగహారాలతో కనుక్కుంటే సరిపోతుంది.

గ.సా.భా. 1 అయితే, u·f + v·f′ = 1 అయ్యేలా u, v అనే బహుపదులు F మీదే దొరుకుతాయి. ఏ పెద్ద ఫీల్డ్‌లోనైనా a ఉమ్మడి మూలమైతే ఈ సమీకరణంలో దాన్ని పెట్టినప్పుడు ఎడమవైపు 0, కుడివైపు 1 వస్తాయి. అది కుదరదు. గ.సా.భా. డిగ్రీ కనీసం 1 అయితే, దానికి ఏదో ఒక పెద్ద ఫీల్డ్‌లో మూలం ఉండి తీరుతుంది. అదే fకీ f′కీ ఉమ్మడి మూలం. కాబట్టి పరీక్ష ఇది: గ.సా.భా.(f, f′) స్థిరాంకం అయితే f సెపరబుల్, కాకపోతే ఇన్‌సెపరబుల్. పెద్ద ఫీల్డ్‌లో ఏం జరుగుతుందో చిన్న ఫీల్డ్‌లో కూర్చుని చెప్పగలగడమే ఈ పరీక్ష బలం.

మూడో అడుగు: x³ + 2x + 2ను నాలుగైదు ఫీల్డ్‌లలో పరీక్షించడం

f = x³ + 2x + 2, f′ = 3x² + 2. ముందు Qలో. fను f′తో భాగిస్తే భాగఫలం x/3, శేషం (4/3)x + 2. ఈ శేషం x = −3/2 దగ్గర సున్నా అవుతుంది. అక్కడ f′ విలువ 3·(9/4) + 2 = 35/4. అది సున్నా కాదు కాబట్టి గ.సా.భా. 1. Q మీద f సెపరబుల్.

ఆ 35/4ను చూసి ఆగండి. 5తోగానీ 7తోగానీ భాగించి శేషాలు చూస్తే 35 సున్నా అవుతుంది. ఆ రెండు చోట్లా ఏదో జరగబోతోందని ఈ సంఖ్య ముందే చెబుతోంది.

F₅లో చూద్దాం. f′ = 3x² + 2. ముందున్న 3ను తీసేయడానికి 2తో గుణిస్తే 6x² + 4, అంటే x² + 4, అంటే x² − 1. స్థిరాంకంతో గుణించినా గ.సా.భా. మారదు. ఇప్పుడు fను x² − 1తో భాగిస్తే భాగఫలం x, శేషం 3x + 2. దీన్ని కూడా 2తో గుణిస్తే x + 4, అంటే x − 1. ఇది x² − 1ను నిశ్శేషంగా భాగిస్తుంది. గ.సా.భా. x − 1. కాబట్టి F₅లో 1 అనే మూలం మళ్ళీ వస్తోంది. సరిచూద్దాం:

(x − 1)²(x + 2) = x³ − 3x + 2

F₅లో −3 అంటే 2, కాబట్టి ఇది సరిగ్గా మన fయే. F₇లో ఇదే పని చేస్తే గ.సా.భా. x − 2 వస్తుంది. అక్కడ f = (x − 2)²(x + 4). ఈ రెండోదాన్ని మీరే చేసి చూడండి, 3కి F₇లో విలోమం 5 అని గుర్తుంచుకుంటే చాలు.

F₂లో f అంటే x³ మాత్రమే, f′ = x², గ.సా.భా. x². సున్నా మూడుసార్లు వస్తుంది.

F₃లో 3x² మాయమైపోతుంది, f′ = 2. ఇది సున్నా కాని స్థిరాంకం, కాబట్టి భాగహారం చేసే పని కూడా లేదు. గ.సా.భా. 1, f సెపరబుల్. ఇక్కడ మూలాల అమరిక చూడదగ్గది. F₃లో 2 అంటే −1 కాబట్టి f = x³ − x − 1. a ఒక మూలమైతే a + 1 కూడా మూలమే: ఇక్కడ 3 = 0 అయినందువల్ల (a + 1)³ = a³ + 1 కాబట్టి, (a + 1)³ − (a + 1) − 1 = a³ − a − 1 = 0. అలా a, a + 1, a + 2 అనే మూడు వేరువేరు మూలాలు వస్తాయి. ఈ రూపాన్ని గుర్తుపెట్టుకోండి, F₃(t) దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

x³ + bx + c రూపంలో ఉన్నప్పుడు ఏ ప్రధాన సంఖ్యల దగ్గర ఇబ్బంది వస్తుందో ఒకేసారి తెలుసుకోవాలంటే −4b³ − 27c² లెక్కగట్టాలి. ఇక్కడ అది −32 − 108 = −140. 140ని భాగించే ప్రధాన సంఖ్యలు 2, 5, 7. పైన మనకు దొరికినవి సరిగ్గా అవే.

కంప్యూటర్‌తో సరిచూసుకోవాలంటే సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో ఇంత చాలు:

```
R.<x> = GF(5)[]
f = x^3 + 2*x + 2
gcd(f, f.derivative())
```

జవాబుగా `x + 4` వస్తుంది. F₅లో అది x − 1యే.

నాలుగో అడుగు: బహుపది ఇర్రిడ్యూసిబుల్ అయితే

F₅లో f ఇన్‌సెపరబుల్ అయిందంటే ఆశ్చర్యం లేదు. అది అక్కడ కారణాంకాలుగా విడిపోయింది, ఒక కారణాంకం రెండుసార్లు వచ్చింది. అసలు ప్రశ్న ఇది: F మీద ఏ రకంగానూ చిన్న బహుపదుల లబ్ధంగా విడగొట్టలేని f, అంటే ఇర్రిడ్యూసిబుల్ f, ఇన్‌సెపరబుల్ కాగలదా?

గ.సా.భా. fను భాగించాలి. f ఇర్రిడ్యూసిబుల్ కాబట్టి గ.సా.భా.కు రెండే అవకాశాలు: 1 లేదా f. గ.సా.భా. f కావాలంటే f, f′ను భాగించాలి. కానీ f′ డిగ్రీ f డిగ్రీ కన్నా తక్కువ. తక్కువ డిగ్రీ బహుపదిని ఎక్కువ డిగ్రీ బహుపది భాగించాలంటే ఆ తక్కువది సున్నా బహుపది అయితీరాలి. కాబట్టి ఇర్రిడ్యూసిబుల్ f ఇన్‌సెపరబుల్ అయ్యేది f′ = 0 అయినప్పుడు మాత్రమే.

క్యారెక్టరిస్టిక్ 0లో ఇది అసాధ్యం, ఎందుకంటే xⁿ నుంచి దిగిన n సున్నా కాదు. అందుకే Q మీద ఇర్రిడ్యూసిబుల్ బహుపదులన్నీ సెపరబులే. క్యారెక్టరిస్టిక్ pలో f′ = 0 కావాలంటే, సున్నా కాని గుణకం ఉన్న ప్రతి పదంలోనూ ఘాతం p గుణిజం అయ్యుండాలి. అంటే f(x) = g(xᵖ) రూపంలో ఉండాలి.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతుంటుంది: f′ = 0 అయితే ఇన్‌సెపరబుల్, కాబట్టి f′ సున్నా కాకపోతే సెపరబుల్ అనేయడం. రెండో మాట ఇర్రిడ్యూసిబుల్ బహుపదులకే వర్తిస్తుంది. F₅లో x³ + 2x + 2 అవకలజం సున్నా కాకపోయినా 1 రెండుసార్లు వచ్చింది కదా. f ఇర్రిడ్యూసిబుల్ అని తెలియనంత వరకూ గ.సా.భా. లెక్కను దాటవేయకండి.

ఐదో అడుగు: Fₚలో ఎందుకు దొరకదు

f(x) = g(xᵖ) రూపంలో ఉన్న బహుపదులు F₃ మీద కావలసినన్ని. ఉదాహరణకు x⁶ + x³ + 2. అవకలజం సున్నా. ఇది ఇర్రిడ్యూసిబుల్ అయితే మనకు కావలసిన ఉదాహరణ దొరికినట్టే. కానీ కాదు:

(x² + x + 2)³ = x⁶ + x³ + 8 = x⁶ + x³ + 2

క్యారెక్టరిస్టిక్ 3లో (u + v)³ విస్తరిస్తే మధ్య పదాల గుణకాలు రెండూ 3 కాబట్టి u³ + v³ మాత్రమే మిగులుతుంది. అందుకే ఘనం ఒక్కో పదం మీదకు విడివిడిగా వెళ్తుంది. గుణకాలకు మాత్రం ఘనమూలాలు అదే ఫీల్డ్‌లో దొరకాలి. F₃లో 0, 1, 2 మూడింటికీ వాటి ఘనం అవే, కాబట్టి దొరుకుతాయి. ఏ పరిమిత ఫీల్డ్‌లోనైనా p-వ ఘాతం రెండు వేరువేరు మూలకాలను ఒకే చోటికి పంపదు. మూలకాలు పరిమితం కాబట్టి ప్రతిదీ ఏదో ఒకదాని p-వ ఘాతమే అవుతుంది. ఫలితంగా పరిమిత ఫీల్డ్ మీద g(xᵖ) ఎప్పుడూ ఏదో బహుపదికి p-వ ఘాతం, ఇర్రిడ్యూసిబుల్ ఎన్నటికీ కాదు. F₉, F₂₇ అంటూ పరిమిత ఫీల్డ్‌లలో ఎంత వెతికినా ఉదాహరణ దొరకదు.

ఈ లక్షణం ఉన్న ఫీల్డ్‌లను పర్ఫెక్ట్ ఫీల్డ్‌లు అంటారు. జర్మన్ గణితవేత్త ఎర్నెస్ట్ స్టైనిట్జ్ 1910లో ఫీల్డ్‌ల సిద్ధాంతాన్ని మొదటినుంచి క్రమపద్ధతిలో నిర్మించినప్పుడు ఈ విభజనను స్పష్టంగా పెట్టాడు. మన ఉదాహరణకు కావలసింది పర్ఫెక్ట్ కాని ఫీల్డ్: క్యారెక్టరిస్టిక్ p ఉండాలి, అయినా p-వ మూలం లేని మూలకం ఒకటి అందులో ఉండాలి.

ఆరో అడుగు: F₃(t) మీద x³ − t

t అనే కొత్త అక్షరాన్ని తీసుకుని, F₃ గుణకాలతో tలో రాసిన బహుపదుల భిన్నాలన్నీ ఒకచోట పెడితే F₃(t) అనే ఫీల్డ్ వస్తుంది. (t² + 1)/(t + 2) లాంటివి ఇందులో మూలకాలు. ఇది అనంతమైన ఫీల్డ్, కానీ 1 + 1 + 1 ఇక్కడ కూడా సున్నాయే. ఇందులో t ఒక సంఖ్యలా ప్రవర్తిస్తుంది, చరరాశి x మాత్రమే. అవకలజం xను బట్టి తీస్తాం కాబట్టి t స్థిరాంకం.

tకి ఈ ఫీల్డ్‌లో ఘనమూలం ఉందా? A, B అనే tలోని బహుపదులతో (A/B)³ = t అనుకుందాం. అప్పుడు A³ = t·B³. ఎడమవైపు డిగ్రీ 3 గుణిజం. కుడివైపు డిగ్రీ 3 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ. ఇది కుదరదు, కాబట్టి tకి ఘనమూలం లేదు.

ఇప్పుడు f = x³ − t తీసుకోండి. పరీక్ష క్షణంలో ముగుస్తుంది: f′ = 3x² = 0. గ.సా.భా.(f, 0) అంటే f యే. దాని డిగ్రీ 3, కాబట్టి f ఇన్‌సెపరబుల్. మూలాలు ఎలా ఉన్నాయో కూడా చూద్దాం. పెద్ద ఫీల్డ్‌లో α అనే మూలాన్ని తీసుకుంటే α³ = t. అప్పుడు

x³ − t = x³ − α³ = (x − α)³

మూలం ఒక్కటే, మూడుసార్లు.

ఇది ఇర్రిడ్యూసిబుల్ అని కూడా చూపాలి, లేకపోతే F₅ ఉదాహరణకన్నా ఇందులో కొత్తేమీ ఉండదు. F₃(t) మీద fకి డిగ్రీ 1 లేదా 2 ఉన్న కారణాంకం ఉందనుకుందాం, ముందు గుణకం 1గా తీసుకోవచ్చు. పెద్ద ఫీల్డ్‌లో f = (x − α)³ కాబట్టి ఆ కారణాంకం x − α గానీ (x − α)² గానీ అయితీరాలి. మొదటిదైతే α నేరుగా F₃(t)లో ఉన్నట్టు. రెండోదైతే (x − α)² = x² − 2αx + α², F₃లో −2 అంటే 1 కాబట్టి ఇది x² + αx + α². దీని గుణకాలు F₃(t)లో ఉండాలి, అంటే మళ్ళీ α అందులో ఉన్నట్టే. కానీ tకి అక్కడ ఘనమూలం లేదని ఇప్పుడే చూశాం. కాబట్టి f ఇర్రిడ్యూసిబుల్. 3 బదులు ఏ ప్రధాన సంఖ్య p తీసుకున్నా ఇదే వాదన నడుస్తుంది: (x − α)ᵏ విస్తరణలో xᵏ⁻¹ గుణకం −kα, k విలువ 1 నుంచి p − 1 లోపు కాబట్టి ఆ k సున్నా కాదు.

సేజ్‌లో అవకలజం ఇలా సరిచూడవచ్చు, జవాబు 0 వస్తుంది:

```
K.<t> = FunctionField(GF(3))
S.<x> = K[]
(x^3 - t).derivative()
```

దీని పక్కనే అదే ఫీల్డ్ మీద x³ − x − t పెట్టి చూడండి. ఇది tలో డిగ్రీ 1 ఉన్న బహుపది, t గుణకం −1. కాబట్టి xలోనూ tలోనూ కలిపి చూసినా దీన్ని విడగొట్టలేం. గాస్ లెమ్మా ప్రకారం F₃(t) మీద కూడా ఇది ఇర్రిడ్యూసిబులే. అవకలజం −1, కాబట్టి సెపరబుల్. మూలాలు a, a + 1, a + 2. ఒక్క −x చేరినందుకు ఒకే మూలం మూడుసార్లు రావాల్సిన చోట మూడు వేరువేరు మూలాలు వచ్చాయి.

ఈ తేడా గాల్వా సిద్ధాంతంలో నేరుగా బయటపడుతుంది. F₃(t)కి aని చేర్చి వచ్చే విస్తరణ డిగ్రీ 3. F₃(t)ని కదపకుండా ఉంచే ఆటోమార్ఫిజమ్ aని ఆ మూలాల్లో ఏదో ఒకదానికి పంపాలి, మూడు మూలాలూ అందులోనే ఉన్నాయి కాబట్టి మూడు ఆటోమార్ఫిజమ్‌లు వస్తాయి. αని చేర్చి వచ్చే విస్తరణ డిగ్రీ కూడా 3. కానీ αని పంపడానికి α తప్ప వేరే మూలం లేదు. ఆటోమార్ఫిజమ్ ఒక్కటే, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేది. x³ − t మూలాలన్నీ ఈ విస్తరణలోనే ఉన్నా డిగ్రీ 3, సమూహం పరిమాణం 1. గాల్వా సిద్ధాంతంలో సెపరబుల్ అనే షరతు ఎందుకు పెడతారో అడిగే విద్యార్థికి ఇంతకన్నా చిన్న జవాబు లేదు.

ఏడో అడుగు: f′ = 0 వచ్చాక ఎన్ని మూలాలున్నాయో లెక్కించడం

f′ = 0 వచ్చినంత మాత్రాన మూలం ఒక్కటే అనుకోకూడదు. F₃(t) మీద x⁶ − t చూడండి. ఇదీ tలో డిగ్రీ 1 కాబట్టి పైన చెప్పిన కారణంతోనే ఇర్రిడ్యూసిబుల్. అవకలజం 6x⁵ = 0. ఇప్పుడు x³ ఉన్న చోటల్లా y రాయండి: g(y) = y² − t. దీని అవకలజం 2y, సున్నా కాదు. g కూడా ఇర్రిడ్యూసిబులే, ఎందుకంటే g విడిపోతే yకి బదులు x³ పెట్టినప్పుడు f కూడా విడిపోయేది. కాబట్టి g సెపరబుల్, దానికి వేరువేరు మూలాలు రెండు. ఒక్కో మూలానికి క్యారెక్టరిస్టిక్ 3లో ఘనమూలం ఒక్కటే ఉంటుంది, అదే మూడుసార్లు వస్తుంది. అంటే x⁶ − tకి వేరువేరు మూలాలు రెండు, ఒక్కోటి మూడుసార్లు. α³ = t అయితే x⁶ − t = (x² − α)³ అని నేరుగా కూడా కనిపిస్తుంది.

ఇర్రిడ్యూసిబుల్ f ఏదైనా పద్ధతి ఇదే. అవకలజం సున్నా అయితే xᵖ బదులు y పెట్టండి. వచ్చిన దాని అవకలజం కూడా సున్నా అయితే మళ్ళీ అదే చేయండి. ప్రతిసారీ డిగ్రీ p-వ వంతుకు తగ్గుతుంది కాబట్టి ఎక్కడో ఆగక తప్పదు. e సార్లకు ఆగితే, చివర మిగిలిన బహుపది డిగ్రీయే వేరువేరు మూలాల సంఖ్య, ఒక్కో మూలం pᵉ సార్లు వస్తుంది.

లెక్క తప్పే చోట్లు

క్యారెక్టరిస్టిక్ 0లో fను గ.సా.భా.(f, f′)తో భాగిస్తే, అవే మూలాలు ఒక్కోసారి మాత్రమే ఉండే బహుపది వస్తుంది. దీన్ని అలవాటుగా క్యారెక్టరిస్టిక్ pలోకి తీసుకెళ్తే మూలాలు పోతాయి. F₃ మీద f = x³(x + 1) = x⁴ + x³ తీసుకోండి. f′ = 4x³ + 3x² = x³. గ.సా.భా. x³. భాగిస్తే x + 1 మిగిలింది, 0 అనే మూలం పూర్తిగా మాయమైంది. కారణం మొదటి అడుగులోని సూత్రంలోనే ఉంది: m అనే సంఖ్య p గుణిజమైతే m(x − a)ᵐ⁻¹·g అనే పదం సున్నా అయిపోతుంది, అప్పుడు f′లో (x − a) ఘాతం ఒకటి తగ్గకుండా mగానే, లేదా అంతకన్నా ఎక్కువగా నిలుస్తుంది. ఇలాంటప్పుడు గ.సా.భా.లోని p-వ ఘాతాన్ని విడిగా గుర్తించి, దాని p-వ మూలం తీసి, మళ్ళీ పరీక్షించాలి. F₃ మీద అది ఎప్పుడూ సాధ్యమే. F₃(t) మీద x³ − t లాంటిది ఎదురైతే ఆ మూలం ఆ ఫీల్డ్‌లో దొరకదు, అక్కడ ఆగిపోవాలి.

ఇదే కారణంగా, ఫీల్డ్ మీద ఏ కారణాంకమూ రెండుసార్లు రాకపోవడం, సెపరబుల్ కావడం రెండూ ఒకటి కావు. (x³ − t)(x − 1) బహుపదిలో F₃(t) మీద రెండు వేరువేరు ఇర్రిడ్యూసిబుల్ కారణాంకాలున్నాయి, ఏదీ రెండుసార్లు రాలేదు. అవకలజం తీస్తే, x³ − t అవకలజం సున్నా కాబట్టి, x³ − t మిగులుతుంది. అది సున్నా కాదు, కానీ గ.సా.భా. కూడా అదే x³ − t. కాబట్టి మొత్తం ఇన్‌సెపరబుల్. పర్ఫెక్ట్ ఫీల్డ్‌ల మీద మాత్రం ఆ రెండు భావనలూ కలిసిపోతాయి.

చివరగా, బహుపదినీ దాని విలువలనూ కలపకూడదు. F₅లోని ఏ మూలకాన్ని పెట్టినా x⁵ − x విలువ సున్నాయే. దాన్నిబట్టి ఇది సున్నా బహుపది అనుకుంటే పరీక్షే మొదలవదు. అవకలజం 5x⁴ − 1 = −1, గ.సా.భా. 1, కాబట్టి సెపరబుల్. దాని అయిదు వేరువేరు మూలాలు 0, 1, 2, 3, 4, అంటే F₅ మొత్తం.